మెట్టు సరిగ్గానే ఉంది, మాటే నిలబడదు

"అతను అబద్ధం ఆడడు."

"నీకెలా తెలుసు?"

"అతనే చెప్పాడు."

ఇది చదివి ఎవరైనా నవ్వుతారు. చూపించిన ఆధారాన్ని నమ్మాలంటే, రుజువు చేయాల్సిన మాటను ముందే నమ్మి ఉండాలి. ఇంకొకటి చూడండి: "నా మాట వింటావా, లేక నా మీద గౌరవం లేదంటావా?" దీనికి అంత తేలిగ్గా నవ్వు రాదు. ఇలాంటి ప్రశ్న ముందు నిలబడి నీళ్ళు నమలని వాళ్ళు తక్కువ.

మొదటిది తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే వాదన. తర్కశాస్త్రంలో చక్రక దోషం అంటారు. రెండోది ఉన్న దారులు రెండేనని చెప్పి, ఒకదాన్ని మూసేసి, రెండోదాంట్లోకి నెట్టే వాదన. దీన్ని ఇక్కడ 'ఇదా-అదా' వాదన అని పిలుస్తాను. తర్కదోషాల జాబితాలు వెతికితే ఇరవై ముప్ఫై పేర్లు దొరుకుతాయి. వాటన్నిటినీ వదిలేసి ఈ రెండింటి దగ్గరే ఆగడానికి నాకో కారణం ఉంది. వీటిలో తర్కం ఎక్కడా తప్పదు. తర్కం తప్పిన చోటు కోసం వెతికేవాళ్ళకు ఇవి అందుకే దొరకవు.

ముందు తర్కం తప్పిన వాదన ఎలా ఉంటుందో చూద్దాం. "వాన పడితే నేల తడుస్తుంది. నేల తడిగా ఉంది. కాబట్టి వాన పడింది." ఇందులో మొదటి రెండు మాటలూ నిజమే కావచ్చు. కానీ వాటి నుంచి మూడోది రాదు. ఎవరో నీళ్ళు చల్లి ఉండొచ్చు, పైపు పగిలి ఉండొచ్చు. లోపం ఒక మాట నుంచి ఇంకో మాటకు వేసిన మెట్టులో ఉంది. ఆ మెట్టును పరీక్షిస్తే చాలు, లోపం బయటపడుతుంది.

ఇప్పుడు ఇది: "తాళాలు సంచిలో ఉండాలి, లేదా సొరుగులో ఉండాలి. సంచిలో లేవు. కాబట్టి సొరుగులో ఉన్నాయి." ఈ మెట్టుకు వంక పెట్టలేం. మొదటి రెండు మాటలూ నిజమైతే మూడోది నిజమై తీరాలి. ఇదా-అదా వాదనకూ అచ్చంగా ఇదే కూర్పు. చక్రవాదన సంగతి ఇంకా చిత్రం. "ఫలానాది నిజం, కాబట్టి ఫలానాది నిజం" అంటే తర్కం ప్రకారం అంతకంటే గట్టి మెట్టు ఉండదు. ఆధారం నిజమై, తీర్మానం అబద్ధం కావడం అక్కడ అసాధ్యం, ఎందుకంటే రెండూ ఒకటే.

అంటే లోపం మెట్టులో లేదు, ఆధారంలో ఉంది. చక్రవాదనలో ఆధారానికి సొంత బలం లేదు. ఇదా-అదా వాదనలో ఆధారం అసంపూర్ణం. "ఇది దాని నుంచి ఎలా వస్తుంది?" అని అడిగితే ఎదుటివాడు నిబ్బరంగా చూపించేస్తాడు, మనం ఇరుక్కుంటాం. అడగాల్సింది వేరే ప్రశ్న. అది రెండింటికీ ఒకటి కాదు కాబట్టి విడివిడిగా చూద్దాం.

చక్రవాదన విషయంలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ఆలోచన న్యాయశాస్త్రంలోది. ఇక్కడ న్యాయం అంటే కోర్టు కాదు, గౌతముడి న్యాయసూత్రాల సంప్రదాయం. అందులో హేత్వాభాసలు అయిదు. హేతువులా కనిపిస్తూ హేతువు కానివన్న మాట. వాటిలో ఒకటి సాధ్యసమం. రుజువు చేయాల్సిన మాటకు ఎంత రుజువు అవసరమో, చూపించిన హేతువుకూ అంతే అవసరమైతే అది సాధ్యసమం. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణ ఇది: "నీడ ఒక ద్రవ్యం, ఎందుకంటే అది కదులుతుంది."

వినగానే ఇందులో చక్రమేదీ కనిపించదు. 'ద్రవ్యం' వేరు, 'కదలడం' వేరు. ఏ మాటా రెండోసారి రాలేదు. పైగా నీడ కదలడం అందరం చూస్తూనే ఉన్నాం. కానీ భాష్యకారుడు అడిగింది ఇది: మనిషి నడిచినట్టు నీడ కూడా నిజంగా నడుస్తోందా? లేక వెలుతురుకు అడ్డుపడేది కదులుతుంటే, వెలుతురు లేని చోటు వరసగా మారుతూ, అదే కదులుతున్నట్టు కనిపిస్తోందా? నీడ సొంతంగా కదిలే వస్తువని ఒప్పుకోవాలంటే, అది వస్తువని ముందే ఒప్పుకుని ఉండాలి. "నీడ వెలుతురు లేకపోవడమే, వస్తువు కాదు" అనేవాడు "నీడ కదులుతుంది" అన్నదాన్ని కూడా ఆ అర్థంలో ఒప్పుకోడు. హేతువు నిలబడింది కూడా అనుమానం మీదే.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, ఈ లోపాన్ని పట్టుకోడానికి మాటల్లో పోలిక వెతకక్కర్లేదు. అనుమానం ఉన్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే చాలు. తీర్మానాన్ని నమ్మనివాడు ఈ హేతువును ఒప్పుకోగలడా? ఒప్పుకోగలిగితే అది హేతువే. తీర్మానాన్ని ముందే నమ్మినవాడు తప్ప ఇంకెవరూ ఒప్పుకోలేనిదైతే అది సాధ్యసమం. ఈ లెక్కన ఒకే వాదన ఒకరి దగ్గర సరైన వాదన, ఇంకొకరి దగ్గర చక్రవాదన కావచ్చు. "ఈ పుస్తకంలో రాసి ఉంది కాబట్టి నిజం" అన్నది ఆ పుస్తకం మీద ఇద్దరికీ నమ్మకం ఉన్నప్పుడు పనికొచ్చే హేతువే. పుస్తకాన్ని నమ్మొచ్చా అన్నదే గొడవైన రోజున అది ఎందుకూ కొరగాదు.

మన తార్కికులు ఈ చక్రాల పొడవును కూడా లెక్కపెట్టారు. ఒక మాట తన మీదే ఆధారపడితే ఆత్మాశ్రయం. రెండు మాటలు ఒకదాని మీద ఒకటి ఆధారపడితే అన్యోన్యాశ్రయం. మూడో, అంతకంటే ఎక్కువో తిరిగి మొదటిదాని దగ్గరికి వస్తే చక్రకం. ఈ పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. పొడవు పెరిగేకొద్దీ పట్టుకోవడం కష్టమవుతుందన్నది మాత్రం గుర్తుంటే మంచిది. అబద్ధం ఆడనివాడి జోకు రెండు వాక్యాల్లో తిరిగొచ్చింది కాబట్టి నవ్వాం. అదే ముప్ఫై పేజీల్లో తిరిగొస్తే గ్రంథం అంటాం.

రోజువారీ మాటల్లో చక్రం ఎక్కువగా దాక్కునే చోటు మనుషులకు తగిలించే పేర్లు. "వాడు పని ఎందుకు చేయడు?" "బద్ధకస్తుడు కాబట్టి." "బద్ధకస్తుడని ఎలా తెలుసు?" "చూస్తున్నావుగా, పని చేయట్లేదు." చేయకపోవడానికి ఒక పేరు పెట్టి, ఆ పేరునే కారణంగా చూపించారు. "ఆ అమ్మాయి ఎవరితోనూ ఎందుకు మాట్లాడదు? మొహమాటస్తురాలు." "ఈ పాట ఎందుకు హిట్ అయింది? జనాన్ని ఆకట్టుకునే గుణం ఉంది." ఇలాంటి జవాబు విన్నాక కొత్తగా ఏమీ తెలియదు. తెలిసిందన్న తృప్తి మాత్రం మిగులుతుంది.

అయితే ఇలాంటి మాట ప్రతిదీ చక్రం కాదు. ఇక్కడ తొందరపడకూడదు. బద్ధకస్తుడన్న మాటకు వేరే దారిలో ఆధారం ఉంటే, అంటే ఇదివరకు చేసిన పనుల్లోనూ, తనకు ఇష్టమైన విషయాల్లో కూడా అలాగే ఉండేవాడని తెలిస్తే, అది నిజంగానే కారణం చెప్పడం. పైగా రేపు ఇంకో పని అప్పగిస్తే ఏం జరుగుతుందో అది ముందే చెప్పగలదు. చక్రాన్ని తెంపేది అదే. వివరించాల్సిన సంగతితో సంబంధం లేకుండా, ఇంకో వైపు నుంచి ఆ పేరును నిర్ధారించగలగాలి.

దీన్ని పెద్ద ఎత్తున చూడాలంటే జీవపరిణామం గురించి జరిగిన గొడవను చూడొచ్చు. 'యోగ్యమైనవే బతుకుతాయి' అన్న మాటను 1864లో ఇంగ్లిష్ తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ ప్రచారంలోకి తెచ్చాడు. 1869లో డార్విన్ తన పుస్తకం 'ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్' అయిదో కూర్పులో దాన్ని వాడుకున్నాడు. అప్పటినుంచీ విమర్శకులు అడుగుతూనే ఉన్నారు: ఏవి బతుకుతాయి? యోగ్యమైనవి. ఏవి యోగ్యమైనవి? బతికినవి. మరి ఇందులో చెప్పిందేముంది? ఇది తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదు. సైన్స్ తత్వవేత్త కార్ల్ పాపర్ అంతటివాడు కూడా ఈ సిద్ధాంతం దాదాపు చెప్పిందే చెప్పడంలా ఉందని అన్నాడు. తర్వాత 1978లో ఆ మాట వెనక్కి తీసుకున్నాడు.

మాట వరకే చూస్తే విమర్శకులు చెప్పింది నిజం. బతికినవాటినే యోగ్యమైనవని నిర్వచిస్తే అది ఉత్త చక్రం. కానీ జీవశాస్త్రవేత్తలు చేసే పని అది కాదు. పెప్పర్డ్ మాత్ అనే పురుగును తీసుకుందాం. లేత రంగు మీద నల్ల చుక్కలుండే రాత్రి పురుగు ఇది. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ దగ్గర 1848లో నల్లటిది ఒకటి దొరికింది. 1895 వచ్చేసరికి అక్కడ 98 శాతం నల్లవే. ఫ్యాక్టరీల మసికి చెట్ల బెరళ్ళు నల్లబడ్డ కాలం అది. "నల్లవి పెరిగాయి కాబట్టి నల్లవే యోగ్యమైనవి" అని ఊరుకుంటే చక్రం. అలా ఊరుకోకుండా, నల్ల బెరడు మీద లేత పురుగు పక్షుల కంట పడుతుంది కాబట్టి మసి ఉన్నచోట నల్లదానికి మేలు, మసి లేనిచోట లేతదానికి మేలు అన్నారు. యోగ్యత ఎందులో ఉందో లెక్క పెట్టకముందే చెప్పారు. అందుకే అది తప్పని తేలే అవకాశమూ ఉంది. మైకేల్ మజెరస్ అనే శాస్త్రవేత్త కేంబ్రిడ్జ్‌లో, మసి లేని వాతావరణంలో, ఆరేళ్ళ పాటు 4,864 పురుగులను వదిలి చూశాడు. పక్షులు నల్లవాటినే ఎక్కువగా తిన్నాయి. లేతవే ఎక్కువ తిని ఉంటే ఆ వివరణ దెబ్బతినేది. చక్రవాదనకు అలా దెబ్బతినే అవకాశమే ఉండదు.

అందుకని, ఎవరి మాటలోనైనా చక్రం ఉందని అనుమానం వస్తే నేను అడిగేది ఒకటే: "ఏం కనిపిస్తే ఇది తప్పని మీరు ఒప్పుకుంటారు?" జవాబు ఉంటే చక్రం లేదు. ఆ జవాబు మనకు నచ్చిందా లేదా అన్నది తర్వాతి సంగతి.

ఇక ఇదా-అదా. దీనికి వేసే ప్రశ్నలు రెండు. చెప్పిన రెండూ ఒకేసారి తప్పు కావచ్చా? రెండూ ఒకేసారి నిజం కావచ్చా? రెండు ప్రశ్నలకూ 'కాదు' అనే జవాబు వస్తేనే అది నిజమైన ఇదా-అదా. ఒక పూర్ణసంఖ్య సరి సంఖ్య కావాలి లేదా బేసి కావాలి. రెండూ కాకుండా ఉండలేదు, రెండూ అయి ఉండలేదు. అలాంటి జంటలు లెక్కల్లో దొరికినంత తేలిగ్గా మనుషుల సంగతుల్లో దొరకవు.

రెండూ తప్పయ్యే జంటలు ఎలా పుడతాయో గమనిస్తే, ప్రతిసారీ దాదాపు ఒకే పని జరుగుతుంది. 'కాదు' అన్న మాటను తీసేసి దాని బదులు వ్యతిరేక పదం పెడతారు. "నాతో ఉన్నవాళ్ళు, నాతో లేనివాళ్ళు" అన్నది పూర్తి జంట. మూడోవాడికి అందులో చోటు లేదు. "నాతో ఉన్నవాళ్ళు, నాకు ఎదురు తిరిగినవాళ్ళు" అన్నది పూర్తి జంట కాదు. విషయం తెలియనివాళ్ళు, ఇంకా తేల్చుకోనివాళ్ళు, సగం ఒప్పుకున్నవాళ్ళు అందులో ఎక్కడా లేరు. 'మంచిది కాదు' అంటే 'చెడ్డది' అని కాదు. 'ఒప్పుకోవట్లేదు' అంటే 'కాదంటున్నారు' అని కాదు. మాట్లాడే వేగంలో ఈ మార్పు చెవికి ఆనదు. విన్నదాన్ని ఒకసారి 'కాదు' పెట్టి తిరగరాసుకుంటే ఖాళీ ఎక్కడుందో తెలిసిపోతుంది.

కొన్ని జంటలు ఎంత సంపూర్ణంగా కనిపిస్తాయంటే, అనుమానించాలని కూడా తోచదు. "కావాలని చేశాడా, పొరపాటున చేశాడా?" అన్నది అలాంటిది. మధ్యలో ఇంకేం ఉంటుంది? చాలానే ఉంటుంది. ఫోన్ చూస్తూ బండి నడిపి ఒకరిని గుద్దినవాడిని తీసుకోండి. గుద్దాలని అనుకోలేదు, కాబట్టి కావాలని చేసింది కాదు. ప్రమాదం జరగొచ్చని తెలిసీ ఫోన్ చూశాడు, కాబట్టి ఉత్త పొరపాటూ కాదు. చట్టాలు ఉద్దేశం, తెలిసీ లెక్కచేయకపోవడం, అజాగ్రత్త అని మెట్లు పెట్టుకుని శిక్షలు వేరు చేసింది ఇందుకే. ఇంట్లో గొడవల్లో మాత్రం ఇప్పటికీ రెండే గదులు. ఎవరో ఒకరిని పట్టుకుని ఏదో ఒకదాంట్లో వేసేస్తాం.

రెండో రకం జంటలో రెండూ నిజం. దీని గురించి జనం తక్కువ మాట్లాడుకుంటారు గానీ, నా ఉద్దేశంలో నష్టం ఎక్కువ చేసేది ఇదే. "తెలివి పుట్టుకతో వస్తుందా, పెంపకంతో వస్తుందా?" అన్నది పాత గొడవ. దీనికి ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు ఇచ్చినంత శుభ్రమైన జవాబు ఇంకేదీ ఇవ్వలేదు. 1934లో నార్వే డాక్టర్ అస్బ్యోర్న్ ఫోలింగ్ గుర్తించిన జబ్బు ఇది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు వస్తేనే బిడ్డకు వస్తుంది. ప్రోటీన్‌లో ఉండే ఫినైల్‌అలనిన్ అనే పదార్థాన్ని ఒంట్లో మార్చే ఎంజైమ్ వీళ్ళలో సరిగ్గా పనిచేయదు. అది పేరుకుపోయి మెదడు దెబ్బతింటుంది. ఇంతవరకు చూస్తే ఇది పూర్తిగా పుట్టుకతో వచ్చినది. కానీ పుట్టిన కొద్దిరోజుల్లోనే కనిపెట్టి, ఫినైల్‌అలనిన్ బాగా తగ్గించిన ఆహారం మీద పెంచితే ఆ నష్టాన్ని చాలావరకు ఆపొచ్చు. 1950ల మొదట్లో ఆ ఆహారపద్ధతి మొదలైంది. 1960ల నుంచి చాలా దేశాల్లో పసిపిల్లల మడమ నుంచి తీసిన రక్తపుచుక్కతో పరీక్ష చేస్తున్నారు.

మరి ఆ నష్టానికి కారణం జన్యువా, ఆహారమా? జన్యులోపం లేని బిడ్డకు మామూలు ఆహారం వల్ల ఏమీ కాదు. లోపం ఉన్న బిడ్డకు ఆహారం మారిస్తే నష్టం తప్పుతుంది. రెండూ కలిస్తేనే జబ్బు తన పని చేస్తుంది. 'ఏది?' అన్న ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే ఆ ప్రశ్నే తప్పు. "జన్యువుల వల్ల వచ్చినది, కాబట్టి చేయగలిగిందేమీ లేదు" అని ఎవరైనా తేల్చేసి ఉంటే, ఆ ఇదా-అదాకు పిల్లలు మూల్యం చెల్లించేవాళ్ళు.

ఈ రెండు దోషాలూ విడివిడిగా వచ్చినప్పుడు కాస్త తేలిక. చిక్కంతా జంటగా వచ్చినప్పుడే. ఇదిగో నేను కల్పించిన సంభాషణ. కల్పితమే గానీ ఇలాంటిది వినని ఉద్యోగి ఉంటారని నేను అనుకోను.

"ఇంటి నుంచి పని చేసేవాళ్ళు మనసుపెట్టి చేయరండి."

"ఎందుకలా అంటున్నారు?"

"మనసుపెట్టి చేసేవాళ్ళైతే ఆఫీసుకు వచ్చేవాళ్ళు కదా."

"మన టీమ్‌లో ఆవిడ ఇంటి నుంచే చేస్తున్నారు. అన్నీ గడువులోపే ఇస్తున్నారు."

"అదంతా పైకి కనబడ్డానికి. నిజంగా శ్రద్ధ ఉంటే ఇక్కడే ఉండేవారు."

"అయితే ఏం చేద్దామంటారు?"

"అందరూ రోజూ రావాలి, లేదంటే ఎవరిష్టం వాళ్ళదని వదిలేయాలి. వదిలేస్తే కంపెనీ మూసుకోవాల్సిందే. మీరు ఏ పక్షం?"

మొదటి మాట ఒక అభియోగం. రెండో మాటలో దానికి ఆధారం వచ్చింది: శ్రద్ధ ఉన్నవాళ్ళు ఆఫీసుకు వస్తారు. ఇది ఎవరు ఒప్పుకుంటారు? ఇంటి నుంచి చేసేవాళ్ళకు శ్రద్ధ ఉండదని ముందే నమ్మినవాళ్ళు. ఆ మాట మీద అనుమానం ఉన్నవాడికి దీనిమీదా అంతే అనుమానం ఉంటుంది. సాధ్యసమం. అసలు రంగు మాత్రం మూడో జవాబులో బయటపడింది. గడువులోపే పని ఇస్తున్న మనిషిని ఎదురుగా చూపిస్తే, ఆవిడ పనిని చూసి మాట మార్చుకోకుండా, మాటను చూసి ఆవిడ పనిని మార్చేశారు. ఇప్పుడు శ్రద్ధను కొలిచే కొలత ఒక్కటే మిగిలింది, ఆఫీసుకు రావడం. ఇంటి నుంచి శ్రద్ధగా పని చేసే మనిషి ఎలా ఉంటారని అడిగితే, అలాంటి మనిషి ఉండే వీల్లేదు. పరిశీలించి తేల్చుకోవాల్సిన విషయం కాస్తా నిర్వచనం అయి కూర్చుంది.

దీనికి నేనైతే "ఇది చక్రవాదన" అనను. ఆ మాట అనగానే ఎదుటివాళ్ళు వాదన వదిలేసి పరువు కాపాడుకునే పనిలో పడతారు. "ఆఫీసుకు రావడం పక్కన పెడదాం, శ్రద్ధను ఇంకా దేంతో కొలుస్తారు?" అని అడుగుతాను. గడువులనవచ్చు, తప్పులొచ్చి వెనక్కి వచ్చిన పనుల సంఖ్య అనవచ్చు, అవసరమైనప్పుడు ఎంతసేపటికి దొరుకుతారన్నది అనవచ్చు. వాటిలో ఏది ఎంచుకున్నా చక్రం తెగింది. ఇప్పుడు లెక్క చూస్తే ఆయన మాటే నిజమని తేలొచ్చు కూడా. కొత్తగా చేరినవాళ్ళు పక్కన కూర్చుని అడిగి నేర్చుకునే అవకాశం లేక వెనకబడుతున్నారని కనిపించొచ్చు. చక్రవాదన చేసినంత మాత్రాన ఆయన తేల్చిన మాట అబద్ధం కాదు, రుజువు కాలేదంతే. ఈ తేడా తెలియక, ఎదుటివాళ్ళ వాదనలో దోషం పట్టుకోగానే తామే గెలిచామనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇక చివరి మాట. 'అందరూ రోజూ రావాలి' అన్నదానికి సరైన జంట 'అందరూ రోజూ రానక్కర్లేదు' అన్నది. దాని స్థానంలో 'ఎవరిష్టం వాళ్ళది' వచ్చి కూర్చుంది. ఈ రెండిటి మధ్యా వారంలో కొన్ని రోజులు, కొత్తవాళ్ళు మాత్రం, మీటింగులున్నప్పుడు, గడువు తప్పినవాళ్ళు మాత్రం అని ఎన్నో ఏర్పాట్లు ఉన్నాయి. రెండూ తప్పు కావచ్చా అన్న ప్రశ్నకు 'అవును' అన్న జవాబు అక్కడే ఉంది. ఇప్పుడు రెండు దోషాలూ ఒకదానికొకటి ఎలా కాపలా కాస్తున్నాయో చూడండి. "వారానికి మూడు రోజులు వస్తే చాలదా?" అని మీరు అడిగారనుకోండి, మిగిలిన రెండు రోజులు ఇంట్లో ఉండాలన్నారు కాబట్టి మీకూ శ్రద్ధ లేనట్టే. మూడో దారి చూపించినవాడిని చక్రం రెండో గదిలోకి తోసేస్తుంది. అందుకే ఇలాంటిచోట ముందు చక్రాన్ని తెంపకుండా మూడో దారి చూపించడం దండగ.

ఈ రెండు దోషాలూ తెలిశాక కొత్త జబ్బు ఒకటి పట్టుకుంటుంది. తిరిగేదల్లా చక్రవాదనలా, రెండున్న ప్రతిదీ మోసంలా కనిపిస్తాయి. "టెన్షన్ వల్ల నిద్ర పట్టట్లేదు, నిద్ర లేక టెన్షన్ పెరుగుతోంది" అని ఒకరంటే అది చక్రవాదన కాదు. అక్కడ తిరుగుతున్నది వాదన కాదు, జబ్బు. ఒక రాత్రి టెన్షన్ మర్నాటి రాత్రి నిద్రను చెడగొడుతోంది, ఆ నిద్రలేమి ఆ తర్వాతి రోజు టెన్షన్‌ను పెంచుతోంది. రెండింటినీ విడివిడిగా కొలవొచ్చు, ఏదో ఒకచోట మందేసి తెంపొచ్చు. డిక్షనరీ కూడా చివరికి మాటలను మాటలతోనే చెప్పాలి కాబట్టి ఎక్కడో తిరిగొస్తుంది. అది దేన్నీ రుజువు చేయబోవట్లేదు కాబట్టి దాన్ని తప్పుపట్టలేం.

ఇదా-అదాలోనూ అంతే. మూడో దారి ఉందని చెప్పినంత మాత్రాన చాలదు, అది ఏమిటో చెప్పగలగాలి. "ఇంకేదైనా ఉండొచ్చు కదా" అన్నది జవాబు కాదు. ఇద్దరు చెరో మాట చెబితే నిజం మధ్యలో ఉంటుందనుకోవడమూ అలాంటిదే. ఏడు ఎనిమిదులు యాభై నాలుగని ఒకరు, యాభై ఆరని ఒకరు అంటే యాభై అయిదు దగ్గర రాజీ కుదరదు.

కొన్నిచోట్ల మూడో దారి ఉన్నట్టే ఉండి, నియమమే దాన్ని మూసేస్తుంది. ఒక సంఘంలో తీర్మానం మీద ఓటు వేస్తున్నారనుకుందాం. అవును, కాదు, ఏ పక్షమూ కాదు అని మూడు దారులు. పోలైన అవును-కాదు ఓట్లలో ఎక్కువ ఏవని మాత్రమే చూస్తే మూడోది నిజంగా మూడోదే. కానీ మొత్తం సభ్యుల్లో సగానికి మించి 'అవును' అంటేనే తీర్మానం నెగ్గుతుందని నియమం ఉంటే లెక్క మారిపోతుంది. వందమంది సభ్యుల్లో యాభై మంది అవునన్నారు, పదిమంది కాదన్నారు, మిగతా నలభై మంది ఏ పక్షమూ కాదన్నారు. తీర్మానం వీగిపోయింది. ఆ నలభై మందీ 'కాదు' అన్నా ఫలితం అదే. అక్కడ "నన్ను ఇందులోకి లాగకండి" అనేవాళ్ళను చూసి మధ్యస్థులనుకునే ముందు, గెలుపును ఏ సంఖ్య మీద లెక్కిస్తున్నారో ఒకసారి సంఘం నియమాల్లో చూడాలి.